తూకం దాచింది, టేపు చెప్పింది

పోయిన కార్తీకంలో ఒక ఆదివారం పొద్దున్న మేడమీద వాటాలోంచి మా చిన్న మరిది కిందికి దిగి వచ్చాడు. "వదినా, ఛాతీ పట్టేసినట్టుంది. రాత్రి తిన్న పూరీలు అరగలేదనుకుంటా" అన్నాడు. నేను కాస్త వాము, ఉప్పు చేతిలో పోసి, నమిలి వేడినీళ్లు తాగమన్నాను. చెప్పొద్దూ, ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెయ్యి నాకే పరాయిదనిపిస్తుంది. మూడు గంటల తర్వాత చెమటలతో చొక్కా తడిసిపోతే, మా తోటికోడలు ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఇ.సి.జి. తీసిన పది నిమిషాల్లోనే గుండెపోటని తేల్చారు. రక్తనాళం మూసుకుపోయిన చోట స్టెంటు వేశారు. మనిషి దక్కాడు.

అతనికి అప్పుడు నలభై రెండు. సన్నగా రివటలా ఉంటాడు. "ఇంత సన్నటివాడికి గుండెజబ్బేమిటి? ఈ వయసులోనా?" పరామర్శకి వచ్చిన ప్రతివాళ్లదీ అదే ప్రశ్న. మా అత్తగారు మాత్రం, "వాళ్ల నాన్న యాభై రెండుకే పోయారు కదే" అని కళ్లొత్తుకున్నారు.

ఈ ప్రశ్న మా ఇంటిది మాత్రమే కాదు. 2021 అక్టోబరులో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ నలభై ఆరేళ్లకి, 2022 ఫిబ్రవరిలో మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి యాభై ఏళ్లకి, 2023 ఫిబ్రవరిలో నటుడు తారకరత్న ముప్ఫై తొమ్మిదేళ్లకి వెళ్లిపోయినప్పుడు ఇంటింటా ఇదే చర్చ. వారిలో ఎవరికి ఏ కారణమో వారి డాక్టర్లకి తెలియాలి, దాని గురించి ఊహాగానాలు మనకొద్దు. కానీ మన ఉపఖండం మనుషులకి గుండెపోటు పదేళ్లు ముందే వస్తుందన్న మాట ఎంతవరకు నిజం? నిజమైతే ఎందుకు? మరిది కోలుకుంటున్న రోజుల్లో నేను ఈ విషయం వెంట పడ్డాను.

పదేళ్ల లెక్క ఎక్కడిది?

యాభై రెండు దేశాల్లో, మొదటిసారి గుండెపోటు వచ్చినవాళ్లు సుమారు పదిహేను వేల మందినీ, అదే వయసులో ఉండి గుండెపోటు రానివాళ్లు దాదాపు అంతమందినీ పక్కపక్కన పెట్టి పోల్చిన పెద్ద అధ్యయనం ఒకటుంది. పేరు ఇంటర్‌హార్ట్. దాని ఫలితాలు 2004లో వచ్చాయి. అందులో దక్షిణాసియా దేశాల వారిని విడిగా పరిశీలించిన వ్యాసం 2007లో వెలువడింది. మన ప్రాంతం వాళ్లకి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకి వస్తే, మిగతా దేశాలన్నీ కలిపి చూస్తే సుమారు 59 ఏళ్లకి వచ్చింది. అంటే తేడా ఆరేళ్లు. ఒక్క పశ్చిమ ఐరోపాతో పోలిస్తే పదేళ్ల దాకా ఉంటుంది. నలభై ఏళ్లలోపే గుండెపోటు వచ్చినవాళ్లు మన దగ్గర నూటికి తొమ్మిది మంది దాకా ఉంటే, మిగతా చోట్ల నాలుగున్నర మంది లోపే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మన దేశంలో చిన్నవయసు వాళ్లే ఎక్కువ కాబట్టి జబ్బుపడేవాళ్లలోనూ వాళ్లు ఎక్కువగా కనిపించడం సహజం. సగటు వయసు తగ్గడంలో దానికీ కొంత వాటా ఉంటుంది. అయితే ఆ అధ్యయనం అక్కడితో ఆగలేదు. పొగాకు, బీపీ, షుగరు, రక్తంలో కొవ్వుల తీరు, పొట్ట చుట్టుకొలత, మానసిక ఒత్తిడి, పళ్లూ కూరగాయలూ తినకపోవడం, వ్యాయామం లేకపోవడం, మద్యం విషయం, ఈ తొమ్మిదింటినీ లెక్కలోకి తీసుకుని చూస్తే, చిన్నవయసులో గుండెపోటు రావడంలో మనకీ వాళ్లకీ ఉన్న తేడా చాలావరకు మాయమైపోయింది.

ఈ ఒక్క ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అంటే మన రక్తంలో ఏదో శాపం ఉందని కాదు. అందరి గుండెనీ పాడుచేసే ఆ కారణాలే మన ఇళ్లకి ముందుగా వస్తున్నాయి. వాళ్లకి యాభైలో వచ్చేది మనకి ముప్ఫై, నలభైలలోనే వచ్చి కూర్చుంటోంది. గుండెపోటు రానివాళ్లలో కూడా, క్రమంగా వ్యాయామం చేసేవాళ్లు మన దగ్గర నూటికి ఆరుగురే. మిగతా చోట్ల ఇరవై ఒక్క మందికి పైనే.

సన్నటి మనిషిలో కొవ్వు

మరి సన్నగా ఉన్న మా మరిది సంగతేమిటి? దీనికి పుణేలో డాక్టర్ యాజ్ఞిక్ చేసిన పని చదివితే సమాధానం దొరికింది. ఆయనా, ఇంగ్లండులోని ఆయన మిత్రుడు డాక్టర్ యూడ్‌కిన్ కలిసి తీయించుకున్న ఫొటో ఒకటి 2004లో ప్రచురించారు. ఇద్దరి ఎత్తుకి తగ్గ బరువు లెక్క, అంటే బీఎమ్ఐ, ఒక్కటే, 22.3. కానీ కొవ్వు కొలిస్తే ఇంగ్లీషాయన ఒంట్లో 9 శాతం, మనాయన ఒంట్లో 21 శాతం! తూకం ఒకటే అయినా లోపలి సరుకు వేరు. మనకి కండ తక్కువ, కొవ్వు ఎక్కువ.

ఇది పుట్టుకతోనే మొదలవుతుందట. పుణే చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులో అయితే మూడున్నర. మన బిడ్డల్లో కండా, లోపలి అవయవాలూ తగ్గాయి కానీ, చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. తల్లి తినీ తినక నెలలు మోస్తే ఆ లెక్క బిడ్డ ఒంట్లో రాసుకుని ఉంటుందన్నమాట. అత్తవారింట అందరి తర్వాత తిన్న అమ్మల కథలు నేను చాలానే రాశాను. వాటికి ఇలాంటి ముగింపు ఒకటుందని నాకప్పుడు తెలీదు.

కండ ఎందుకంత ముఖ్యం? అన్నం తిన్నాక రక్తంలో చేరిన చక్కెరని ఎక్కువగా దాచుకునేది కండే. అది తక్కువైతే చక్కెర రక్తంలోనే తిరుగుతుంది. పైగా పొట్ట లోపల పేరుకున్న కొవ్వు ఊరికే కూర్చోదు. కరిగి నేరుగా కాలేయానికి చేరుతుంది. కాలేయం దాన్ని ట్రైగ్లిజరైడ్లుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. అవి పెరిగేకొద్దీ మంచి కొలెస్ట్రాల్ తగ్గిపోతుంది, చెడ్డ కొలెస్ట్రాల్‌ని మోసే రేణువులు చిన్నవిగా, సంఖ్యలో ఎక్కువగా తయారవుతాయి.

బస్సులూ ఆటోలూ

మరిది ఆస్పత్రిలో ఉండగా బీరువా వెదికితే, గుండెపోటుకి ఎనిమిది నెలల ముందు ఆఫీసువాళ్లు చేయించిన పరీక్షల కాగితం దొరికింది. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 64 కిలోలు, అంటే బీఎమ్ఐ 22.7. మనవాళ్లకి పెట్టిన 23 గీతకి కూడా లోపలే. మొత్తం కొలెస్ట్రాల్ 188. రెండువందలు దాటలేదు కాబట్టి "అంతా బాగానే ఉంది" అని అతనూ, చూసినాయనా కాగితం మడిచేశారు.

కింది వరసలు ఎవరూ చదవలేదు. మంచి కొలెస్ట్రాల్ 32. మగవాళ్లకి కనీసం 40, ఆడవాళ్లకి 50 ఉండాలి. ట్రైగ్లిజరైడ్లు 240. అవి 150 లోపు ఉండాలి. పరగడుపు షుగరు 114. వంద దాటితే హెచ్చరికే. బీపీ 138/88. రోజుకి మూడు నాలుగు సిగరెట్లు. దేనికదే చూస్తే కొంపలు మునిగేలా లేదు. కానీ ఇవి కూడికలు కావు, హెచ్చవేతలు. ఇంటర్‌హార్ట్‌లో పొగ, షుగరు, బీపీ మూడూ కలిసినవాళ్లకి ముప్పు పదమూడు రెట్లయింది. రోజుకి అయిదులోపు సిగరెట్లే అయినా ముప్పు దాదాపు నలభై శాతం పెరిగింది.

మొత్తం కొలెస్ట్రాల్ మనల్ని ఎలా మోసం చేస్తుందో మా అమ్మాయికి ఇలా చెప్పాను. బెంజి సర్కిల్ దగ్గర దారి మూసుకుపోయేది ప్రయాణికుల సంఖ్యని బట్టా, బండ్ల సంఖ్యని బట్టా? వందమందీ రెండు బస్సుల్లో వెళ్తే దారి ఖాళీ. అదే వందమంది ముప్ఫై ఆటోల్లో వెళ్తే ఇరుక్కుపోతుంది. కొలెస్ట్రాల్ ప్రయాణికుడు, రేణువు బండి. రక్తనాళం గోడలోకి దూరి పేరుకునేది బండి. మన ఒంట్లో ఆటోలు ఎక్కువ. ఆ బండ్లను లెక్కపెట్టే పరీక్ష పేరు అపో బి. అది చేయించకపోయినా ఇంట్లోనే ఒక తీసివేత చేసుకోవచ్చు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి మంచి కొలెస్ట్రాల్‌ని తీసెయ్యండి. మా మరిదికి 188లో 32 పోతే 156. ఏ జబ్బూ లేనివాళ్లకే ఇది 130 లోపు ఉండాలి. ఎనిమిది నెలల ముందే ఆ కాగితం మాతో చెప్పిందన్నమాట.

ఇక మామగారి సంగతి. డిశ్చార్జి ముందు డాక్టరుగారు లైపోప్రొటీన్ ఏ అనే మరో పరీక్ష రాశారు. ఇది వంశపారంపర్యంగా వచ్చేది. తిండితోనో నడకతోనో తగ్గేది కాదు. మన ఉపఖండం వాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి ఎక్కువగా ఉంటుంది. యాభై మిల్లీగ్రాములు దాటితే ఎక్కువున్నట్టు. జన్మకోసారి చేయిస్తే చాలు. మరిదికి 74 వచ్చింది. దాన్ని మార్చలేం, కానీ అదుంటే మిగతావాటిని మరింత గట్టిగా అదుపులో పెట్టాలని తెలుస్తుంది. ఇంట్లో తండ్రికో అన్నకో యాభై అయిదేళ్లలోపు, తల్లికో అక్కకో అరవై అయిదేళ్లలోపు గుండెజబ్బు వచ్చి ఉంటే, ఆ పరీక్ష గురించి డాక్టర్ని అడగండి.

మరి మన సంగతి?

ఇదంతా మగవాళ్ల గొడవ అనుకోవద్దు. ఆడవాళ్లకి గుండెపోటు మగవాళ్లకంటే ఎనిమిది తొమ్మిదేళ్లు ఆలస్యంగా వస్తుందన్నది నిజమే. కానీ షుగరు వస్తే ఆ వెసులుబాటు చాలావరకు పోతుంది. కడుపుతో ఉన్నప్పుడు షుగరు వచ్చి, కాన్పు తర్వాత తగ్గిపోయిందని మరిచిపోయినవాళ్లు మనలో ఎంతమంది? అలాంటివాళ్లు ఏటా పరీక్ష చేయించుకోవాలి. పైగా మనకి ఛాతీనొప్పి బదులు ఆయాసం, దవడనొప్పి, వెన్నునొప్పి, కారణంలేని నీరసం, చెమటలు కనిపించవచ్చు. వాటిని గ్యాసనో, పని అలసటనో మనమే కొట్టిపారేస్తాం. వాము చేతిలో పెట్టే మనిషిని నేనే కదా!

మరిది ఇంటికొచ్చిన వారానికి కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీశాను. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి వదిలాక, బిగించకుండా కొలవాలి. అతను ప్యాంటు పొట్ట కింద కట్టుకుంటాడు కాబట్టి 34 సైజని చెబుతాడు. టేపు 37 అంది. మనవాళ్లలో మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, అంటే ముప్ఫై అయిదున్నర అంగుళాలు హద్దు. ఆడవాళ్లకి 80, అంటే ముప్ఫై ఒకటిన్నర. ఆ చిన్న బొజ్జ చూసి, "ఇన్నాళ్లకి మావాడు కాస్త ఒళ్లు చేశాడు" అని మేమంతా మురిసిపోయిన రోజులున్నాయి.

తర్వాత టేపు మావారి చేతికి, తోటికోడలి చేతికి, చివరికి నా చేతికి వచ్చింది. నాది ముప్ఫై నాలుగు వచ్చింది. బరువు మాత్రం చార్టు ప్రకారం సరిగ్గానే ఉన్నాను. సోమవారం పొద్దున్న నేనూ మా తోటికోడలూ పరగడుపున రక్తమిచ్చి వచ్చాం. ఈసారి కాగితం మడిచేముందు కింది వరసలు కూడా చదువుతాం.