సామానుతో ఇల్లా? ఖాళీ ఇల్లా?

అద్దె ఇంటిని సామానుతో తీసుకోవాలా, ఖాళీగా తీసుకోవాలా అన్నది నివసించే కాలాన్ని బట్టి నిర్ణయించవలసిన విషయం. హైదరాబాదులో ఒక ఇంటికి సామాను ఉన్నందుకు నెలకు 5,000 రూపాయలు అదనంగా అడుగుతున్నారనుకుందాం. ఆ సామానునే కొనడానికి 80,000 రూపాయలు అవుతుందనుకుంటే, 16 నెలలకు రెండు ఖర్చులూ సమానమవుతాయి. అంతకు మించి ఉండదలచినవారికి ఖాళీ ఇల్లే మేలు.

తక్కువ కాలానికి సామానుతో తీసుకునేవారు తాళంచెవి అందుకోకముందే యజమానితో కలిసి పట్టిక రాసుకోవాలని నా అభిప్రాయం. 'భోజనాల బల్ల ఒకటి, బాగున్నది' అన్న మాట ఎవరికీ రక్షణ కాదు. 'టేకు బల్ల, ఎడమ అంచున రెండంగుళాల గీత' అని రాస్తే, ఖాళీ చేసేనాడు ఆ గీత పేరిట అడ్వాన్సులో కోత పడదు. కొత్త పగులును పాతదని అద్దెదారుడూ చెప్పలేడు. ఫ్రిజ్, గీజర్, పంకాలను నడిపి చూశాకే వాటి స్థితిని రాయాలి. పట్టికకు రెండు ప్రతులుండాలి. ప్రతి పుటపైనా తేదీతో ఇద్దరూ సంతకం చేయాలి. వారంలోగా బయటపడే లోపాలను చేర్చే వీలు కూడా అందులోనే ఉండాలి.

ఇంటికి కలిగే సహజమైన అరుగుదలను 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం అద్దెదారుని తప్పుగా ఎంచదు. సామానుకూ ఆ నియమమే వర్తిస్తుందని పట్టిక చివర రాసుకోవడం ఉభయులకూ న్యాయం.