లోన్ యాప్ ప్రకటన: 30 సెకన్లలో ఏం చెప్పాలి, మీరు ఏం వినాలి?

ఫోన్‌లో వీడియో చూస్తుంటే మధ్యలో ప్రకటన వస్తుంది. 'ఆధార్, పాన్ ఉంటే చాలు. ఐదు నిమిషాల్లో 20 వేలు మీ ఖాతాలో. వడ్డీ నెలకు 2 శాతం మాత్రమే.' చివర్లో తెర అడుగున ఇంగ్లిష్‌లో చీమల బారులాంటి అక్షరాలు రెండు సెకన్లు కనిపించి మాయమవుతాయి. చిలకలూరిపేటలో ఈ మాట విన్నవారికి వెంటనే గుర్తొచ్చేది 'రెండు రూపాయల వడ్డీ'. నోటు రాసి తెచ్చుకునే అప్పుకు ఊళ్లో నడిచే లెక్కే కదా, ఇదీ అంతే అనిపిస్తుంది. కానీ ఆ రెండూ ఒకటి కావు. ఎందుకు కావో, నిజాయితీగా రాస్తే ఆ ప్రకటన ఎలా ఉండాలో చూద్దాం.

నెలకు 2 శాతం అంటే ఏ 2 శాతం?

గణపవరం వైపు స్పిన్నింగ్ మిల్లులో పనిచేసే ఒకరు పిల్లల ఫీజు కోసం 20 వేల రూపాయలు తీసుకున్నారనుకుందాం. ఆరు నెలల్లో నెలనెలా కట్టి తీర్చాలి.

ఊరి లెక్క ప్రకారం రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు 2 రూపాయలు. అసలులో కొంత తీర్చేస్తే, అక్కడి నుంచి మిగిలిన అసలు మీదే వడ్డీ నడుస్తుంది. బ్యాంకులు చెప్పే ఏడాదికి 24 శాతం కూడా ఇదే పద్ధతి. దీని ప్రకారం నెల వాయిదా సుమారు 3,571 రూపాయలు. ఆరు నెలలకు కట్టేది 21,426. అంటే వడ్డీ 1,426 రూపాయలు.

యాప్ చెప్పే 2 శాతం 'ఫ్లాట్' అయితే లెక్క మారిపోతుంది. మొదట తీసుకున్న 20 వేల మీదే ఆరు నెలలూ నెలకు 400 చొప్పున వేస్తారు. మొత్తం వడ్డీ 2,400, నెల వాయిదా 3,733. ఆరో నెలకు మీరు ఇంకా తీర్చాల్సిన అసలు 3,333 రూపాయలే. దానికి 2 శాతం అంటే 67 రూపాయలు. కానీ మీ దగ్గర 400 తీసుకుంటారు. మిగిలిన అసలు మీద లెక్కగడితే ఇది ఏడాదికి సుమారు 40 శాతం వడ్డీ. చెప్పిన మాట అబద్ధం కాదు, విన్నవారు అనుకున్న అర్థం మాత్రం వేరు.

ఫీజు ఎక్కడ దాక్కుంటుంది?

వడ్డీ తర్వాత చూడాల్సింది ప్రాసెసింగ్ ఫీజు. మన ఉదాహరణలో అది 3 శాతం అనుకుందాం. అంటే 600 రూపాయలు. దానిపై 18 శాతం జీఎస్టీ 108. మొత్తం 708 రూపాయలు ముందే కోసేసుకుంటే ఖాతాలో పడేది 19,292. వడ్డీ మాత్రం 20 వేల మీద నడుస్తుంది.

అందుకే వడ్డీ రేటు ఒక్కటే వింటే సరిపోదు. చేతికి వచ్చిన సొమ్మును, కట్టాల్సిన వాయిదాలను పక్కపక్కన పెట్టి ఏడాదికి ఎంత పడుతుందో లెక్కగట్టే రేటు ఒకటుంది. దాన్నే ఏపీఆర్ అంటారు, అంటే అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటు. ఇదే అప్పు ఏడాదికి 24 శాతం వడ్డీతో ఇచ్చినా, ఫీజు కలిపితే ఏపీఆర్ సుమారు 37 శాతం అవుతుంది. ఫ్లాట్ పద్ధతిలో అయితే దాదాపు 53 శాతం. ప్రకటనలో వినిపించేది రెండింటికీ ఒకే మాట: నెలకు 2 శాతం.

గడువు తగ్గేకొద్దీ ఫీజు దెబ్బ పెరుగుతుంది. 5 వేల అప్పులో 1,500 ఫీజు కింద కోసి, 3,500 చేతిలో పెట్టి, ఏడు రోజుల్లో 5 వేలు కట్టమన్నారనుకోండి. వారంలోనే చేతికి వచ్చినదానిపై 43 శాతం పడినట్టు. అదే 3,500కు రెండు రూపాయల వడ్డీ చొప్పున వారానికి అయ్యేది సుమారు 16 రూపాయలు. 'వడ్డీ సున్నా, ఫీజు మాత్రమే' అన్న ప్రకటన కూడా ఇలాంటిదే కావచ్చు.

నిబంధన ఏం చెబుతోంది?

2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులు, ఆత్మహత్యలు వెలుగులోకి వచ్చాక రిజర్వ్ బ్యాంకు 2020 డిసెంబరు 23న ప్రజలను హెచ్చరించింది. 2021 జనవరిలో అధ్యయన బృందాన్ని వేసింది. 2022 సెప్టెంబరులో డిజిటల్ రుణాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని కలిపి 2025 మే 8న కొత్త ఆదేశాలుగా విడుదల చేసింది.

వీటి ప్రకారం ఒప్పందానికి ముందే మీకు 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్' ఇవ్వాలి. ఏపీఆర్, ఫీజులు, వాయిదాల పట్టిక అందులో మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. అందులో చూపని ఫీజును తర్వాత మీ స్పష్టమైన అంగీకారం లేకుండా వసూలు చేయకూడదు. ఏడు రోజులు, అంతకు మించిన గడువున్న అప్పుకైతే ఆ పత్రం చదివి ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు ఇవ్వాలి. 'ఈ ఆఫర్ ఇంకో పది నిమిషాలే' అని తొందరపెట్టే ప్రకటనను ఈ నిబంధన పక్కన పెట్టి చూడండి.

ఇక ప్రకటన సంగతి. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలు తెచ్చింది. ప్రధాన మాట ఏ భాషలో ఉంటే షరతు కూడా అదే భాషలో ఉండాలి. ముఖ్యమైన సమాచారాన్ని దాచడానికి షరతును వాడకూడదు. గొంతుతో చెప్పిన మాటకు షరతు అదే వేగంతో, దానితోపాటే కనిపించాలి. తెలుగులో ఊరించి ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో షరతు పెట్టడం ఈ లెక్కన కుదరదు.

30 సెకన్లలో పడుతుందా?

'అంత సమాచారం ఇంత చిన్న ప్రకటనలో ఎలా పడుతుంది?' అన్నది తరచూ వినిపించే సాకు. మన ఉదాహరణతోనే రాసి చూద్దాం.

'20 వేల రుణానికి ఫీజు, జీఎస్టీ కలిపి 708 రూపాయలు పోను, మీ చేతికి 19,292. నెలకు 3,571 చొప్పున ఆరు వాయిదాలు. మొత్తం కట్టేది 21,426. అన్ని ఖర్చులతో ఏడాదికి 37 శాతం. వాయిదా తప్పితే 100 రూపాయల రుసుము. మూడు రోజుల్లో వద్దనుకుంటే జరిమానా లేకుండా తిరిగి కట్టొచ్చు. రుణం ఇచ్చేది ఫలానా ఫైనాన్స్ సంస్థ.'

అంకెలు పలకడానికి సమయం ఎక్కువ పడుతుంది కాబట్టి గడియారం పెట్టుకుని చదివి చూడాలి. మామూలు వేగంతో అర నిమిషం అటూఇటుగా పడుతుంది. సమయం మించితే 'వేగంగా చదివేద్దాం' అనకూడదు. నెల వాయిదాను, రుసుమును తెరపై పెద్ద అక్షరాల్లో నిలిపి, మిగతావి గొంతుతో చెప్పొచ్చు. పది సెకన్లే ఉంటే ఇంతవరకు కుదించొచ్చు: 'చేతికి 19,292. ఆరు నెలల్లో కట్టేది 21,426. ఏడాదికి 37 శాతం.'

ఇందులో 24 శాతం అన్న మాట లేదని గమనించండి. ఫీజు కలిపిన 37 ఉన్నప్పుడు 24ను ముందుకు తేవడం అయోమయమే పెంచుతుంది. చోటు చాలనప్పుడు వదిలేయదగ్గది వడ్డీ రేటు, ఏపీఆర్ కాదు. 'తక్షణం', 'సులభం', 'సున్నా పేపర్లు' అన్న మాటలు తీసేస్తే చాలావరకు చోటు దొరుకుతుంది.

దీనికీ ఒక పరిమితి ఉంది. ఒక్కొక్కరి ఆదాయాన్ని, పాత అప్పుల చరిత్రను బట్టి రేటు మారుతుంది. ప్రకటనలో చెప్పగలిగేది ఒక నమూనా లెక్కే. ఆ నమూనాకు అందరికన్నా మంచి రేటు వచ్చేవారిని ఎంచుకుంటే మళ్లీ మోసమే. బ్రిటన్‌లో ప్రకటనలో చూపే ప్రాతినిధ్య ఏపీఆర్, ఆ ప్రకటన వల్ల అప్పు తీసుకునేవారిలో కనీసం 51 శాతం మందికి అదే రేటు గానీ అంతకు తక్కువ గానీ దక్కుతుందని సంస్థ అంచనా వేయగలిగినదై ఉండాలి. మన దగ్గర '16 శాతం నుంచి' అని వింటే, ఆ 'నుంచి' అన్నదాని అవతల ఎంత వరకు ఉందో అడగాలి. గూగుల్ ప్లే స్టోర్ నిబంధనల ప్రకారం వ్యక్తిగత రుణ యాప్‌లు గరిష్ఠ ఏపీఆర్, కనిష్ఠ, గరిష్ఠ గడువులు, మొత్తం ఖర్చు నమూనా చూపాలి. 60 రోజుల్లోపే మొత్తం కట్టమనే యాప్‌లకు అక్కడ చోటు లేదు. కాబట్టి డౌన్‌లోడ్ నొక్కేముందు యాప్ వివరణ కిందికంటా చదవండి. వాట్సాప్‌లో లింకు పంపి యాప్ వేసుకోమంటే ఈ తనిఖీ ఏదీ లేనట్టే.

మీరు చేయాల్సిన లెక్క

మూడు అంకెలు కాగితం మీద రాసుకోండి: చేతికి ఎంత వస్తుంది, మొత్తం ఎంత కట్టాలి, ఎన్ని రోజుల్లో కట్టాలి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే అప్పు అసలు ఖరీదు వస్తుంది. మన ఉదాహరణలో 21,426 లోంచి 19,292 తీసేస్తే 2,134 రూపాయలు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి యాప్ చెప్పకపోయినా అక్కడే ఆగండి.

తర్వాత అప్పు ఇచ్చే సంస్థ పేరు చూడండి. యాప్ పేరు వేరు, సంస్థ పేరు వేరు. అప్పు ఇవ్వాల్సింది బ్యాంకు గానీ, రిజర్వ్ బ్యాంకులో నమోదైన ఫైనాన్స్ సంస్థ గానీ. సొమ్ము ఆ సంస్థ నుంచి నేరుగా మీ ఖాతాకే రావాలి. ఏ సంస్థకు ఏ యాప్ పనిచేస్తోందో ఆ జాబితా rbi.org.in లో ఉంది. అయితే అందులోని వివరాలు సంస్థలు ఇచ్చినవే. జాబితాలో పేరుంటే ఆ యాప్ ఉందని అర్థం, రేటు మంచిదని కాదు.

యాప్ మీ కాంటాక్టులు, ఫొటోలు అడిగితే ఇవ్వకండి. డిజిటల్ రుణ నిబంధనలు దానికి ఒప్పుకోవు. అప్పు తీసుకున్నాక మనసు మార్చుకుంటే కనీసం ఒక రోజు గడువు ఉంటుంది. ఆలోపు అసలు, ఆ కొద్దిరోజుల ఖర్చు కట్టి బయటపడొచ్చు. ముందే పత్రంలో చెప్పి ఉంటే ప్రాసెసింగ్ ఫీజును మాత్రం వారు ఉంచుకోవచ్చు.

నమోదైన సంస్థ చెప్పని ఫీజు కోసిందనుకోండి. ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చిన జవాబు నచ్చకపోతే cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. అసలు నమోదే లేని యాప్ అయితే sachet.rbi.org.in లో చెప్పండి. బెదిరింపులు మొదలైతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, దగ్గరి పోలీసు స్టేషన్‌కు వెళ్లండి. ప్రకటనను, పత్రాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. వారు చెప్పినదానికి, చేసినదానికి మధ్య తేడాను చూపే సాక్ష్యం అదే.