గాజులమ్మేది ముఖమా, చెయ్యా?

"కస్టమర్ ముందు నిలబడే ఉద్యోగం కదా, చూడచక్కని మనిషినే తీసుకుంటాం. ఇందులో తప్పేముంది?" సేల్స్ ఉద్యోగాల గురించి ఈ మాట ఎవరూ కాదనని సత్యంలా చెలామణి అవుతోంది. అది సత్యం కాదు.

చార్మినార్ పక్కన లాడ్‌బజార్‌నే చూడండి. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాద్ లక్క గాజులు అమ్మేది ఇక్కడే. లక్క గాజు సాగదు. బొటనవేలు అరచేతిలోకి మడిచినప్పుడు కణుపుల దగ్గర చెయ్యి ఎంత వెడల్పుందో చూసి, 2-4 సరిపోతుందో 2-6 కావాలో చెప్పాలి. రెండింటికీ తేడా అంగుళంలో ఎనిమిదో వంతే. ఆ అంచనా తప్పితే గాజు విరుగుతుంది, బేరం పోతుంది. అమ్మేవారి ముఖం ఆ గాజును అతికించదు.

రూపం అమ్మకాలు పెంచుతుంది కాబట్టే జీతం పెరుగుతుందంటారా? అమెరికా, కెనడా సర్వేలను పరిశీలించి 1994లో హామర్‌మెష్, బిడిల్ అనే ఆర్థికవేత్తలు తేల్చినదేమిటంటే, చూడడానికి బాగోలేరని సర్వే చేసినవారు గుర్తు వేసినవాళ్లకి, మామూలు రూపం ఉన్నవాళ్లకన్నా 5 నుంచి 10 శాతం తక్కువ జీతం వస్తోంది. కస్టమర్ ముఖం చూడని పనుల్లోనూ ఈ కోత చాలావరకు అలాగే ఉంది.

ప్రమోషన్ల దగ్గర అన్యాయం ఇంకా లోతుగా సాగుతుంది. రూపసిని వాకిలి కౌంటర్‌లో, మరో అమ్మాయిని గోడౌన్‌లో పెడతారు. వాకిట్లో నిలబడ్డవారి పేర అమ్మకాలు రాస్తారు, ఏడాది చివర ఆ లెక్క చూపించి "ఈమె పనితనం చూడండి" అని జీతం పెంచుతారు. పనితనం కాదది, నిలబెట్టిన చోటు. కౌంటర్లను అందరికీ వంతులవారీగా ఇస్తే తప్ప ఆ లెక్కతో ఎవరినీ పోల్చకూడదు.

మరి ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు రూపాన్ని పక్కన పెట్టేదెలా? తెలంగాణ ప్రభుత్వం 2022లో గ్రూప్-1, గ్రూప్-2లకు ఇంటర్వ్యూలే తీసేసింది. దుకాణానికి అది కుదరదు, మనిషితో మాట్లాడాల్సిందే. అయితే దరఖాస్తులో ఫొటో అడగక్కర్లేదు. తొలి మాటలు ఫోన్‌లో జరగొచ్చు, కాకపోతే అక్కడ యాసను బట్టి తూకం వేసే ప్రమాదముంది. అందుకే అసలు పరీక్ష పనిలోనే పెట్టాలి: నలుగురి చేతులు చూసి సైజు చెప్పడం, బిల్లు వేయడం, వద్దన్న కస్టమర్‌కి ఇంకో జత చూపించడం. ఒక్కోదానికి ఐదు మార్కులు. ఐదు దేనికో, రెండు దేనికో ముందే రాసుకోవాలి. ప్యానెల్‌లో ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడకుండా, ఆ పని అయిన వెంటనే మార్కులు వేయాలి. ఒకరు ఐదు, ఇంకొకరు రెండు వేస్తే, అభ్యర్థి ఏం చేసిందో చూపి కారణం చెప్పాలి. "స్మార్ట్‌గా ఉంది" అన్నది కారణం కాదు, ఆ మార్కు కొట్టేయాలి.

యజమానులారా, ఈసారి రంజాన్ సీజన్‌కి మనుషుల్ని తీసుకునేటప్పుడు ఫొటో అడగకండి. గాజుల పెట్టె ముందు పెట్టి చూడండి.