441 ఓట్లను ఏ సర్వే పట్టగలదు?

2018 అసెంబ్లీ ఎన్నికల్లో జగిత్యాల జిల్లా ధర్మపురిలో టీఆర్‌ఎస్ అభ్యర్థి కొప్పుల ఈశ్వర్‌కు 70,579 ఓట్లు, కాంగ్రెస్ అభ్యర్థి అడ్లూరి లక్ష్మణ్‌కుమార్‌కు 70,138 ఓట్లు వచ్చాయి. తేడా 441. వివాదం కోర్టు మెట్లెక్కింది. అయినా ఎన్నికలొస్తే చాలు, నియోజకవర్గాల వారీగా గెలుపోటములు తేల్చేశామంటూ సర్వేలు దిగుతూనే ఉన్నాయి. వాటి అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది: శాంపిల్ లక్ష, మార్జిన్ ఆఫ్ ఎర్రర్ ప్లస్ ఆర్ మైనస్ 3 శాతం. సర్వే మొత్తంలో ముందుగా చదవాల్సింది ఆ వాక్యాన్నే. దాన్ని మాత్రం ఎవరూ చదవరు.

చదివితే లెక్క తప్పుతోందని అక్కడికక్కడే తెలుస్తుంది. దానికి గణిత పండితులు అక్కర్లేదు. శాంపిల్ సంఖ్యకు వర్గమూలం తీసి, దానితో 98ని భాగిస్తే చాలు. వచ్చేదే శాతాల్లో మార్జిన్. నూటికి 95 సార్లు అసలు విలువ ఆ హద్దుల్లో ఉంటుందని దాని అర్థం. వెయ్యి మందిని అడిగితే సుమారు 3.1 శాతం. లక్ష మందిని అడిగితే 0.31 శాతం. మరి లక్ష శాంపిల్ పక్కన 3 శాతం ఎలా వచ్చింది? రెండు అంకెల్లో ఒకటి ఈ సర్వేది కాదు, లేదా లక్షను ఎక్కడో ముక్కలు చేశారు.

ముక్కలు చేయడమే జరుగుతుంది. తెలంగాణలో 119 సీట్లున్నాయి. లక్షను పంచితే సీటుకు వచ్చేది 840 మంది. 840 వర్గమూలం 29. 98ని 29తో భాగిస్తే 3.4 శాతం. అది కూడా ఒక అభ్యర్థికి వచ్చే ఓట్ల శాతం మీద మార్జిన్. గెలుపోటములు తేల్చేది ఇద్దరి మధ్య తేడా. హోరాహోరీ పోటీలో ఒకరికి తగ్గింది మరొకరికి కలుస్తుంది కాబట్టి తేడా మీద మార్జిన్ దాదాపు రెట్టింపు, అంటే 6.8 శాతం. ధర్మపురిలో ఆ ఇద్దరి ఓట్లలో 441 ఎంత? 0.31 శాతం. ఇంత చిన్న తేడాను నమ్మకంగా పట్టాలంటే ఆ ఇద్దరికి ఓటేసిన 1,40,717 మందిలో సుమారు లక్ష మందిని అడగాలి. రాష్ట్రమంతటికీ చాలుతుందని చెప్పుకునే శాంపిల్ మొత్తం ఒక్క ధర్మపురికే ఖర్చయిపోతుంది. 2009లో సిరిసిల్లలో కేటీఆర్ 171 ఓట్లతో గెలిచారు. దాని సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఈ లెక్కంతా ఓటర్ల జాబితాలోంచి లాటరీ తీసినట్టు పేర్లు ఎంచితేనే చెల్లుతుంది. కోరుట్ల నియోజకవర్గంలోని మల్లాపూర్ మండలానికి సర్వే మనిషి వస్తే జాబితా పట్టుకొని ఇల్లిల్లూ తిరుగుతాడా? ఒక ఊరికి వెళ్తాడు, ఒక వాడలో ఆగుతాడు, అక్కడే పాతిక మందిని అడిగి వెళ్లిపోతాడు. ఒకే వాడలో ఉన్నవాళ్ల జవాబులు చాలావరకు ఒకేలా ఉంటాయి. పాతిక ఫారాలు నిండినా దొరికే సమాచారం అంత ఉండదు. ఈ గుంపుల ప్రభావం వల్ల శాంపిల్ విలువ సగానికి పడిపోయిందనుకుంటే 840 మంది 420 మందితో సమానం. మార్జిన్ 3.4 నుంచి 4.8కి పెరుగుతుంది. సర్వేల అడుగున ఈ సవరణ కనిపించడం అరుదు.

అడిగిన సమయం కూడా లెక్కలోకి వస్తుంది. పగటిపూట ఇంట్లో దొరికేది బీడీలు చుట్టే ఆడవాళ్లు, ముసలివాళ్లు. మగవాళ్లలో కొందరు పొలంలో ఉంటారు, కొందరు గల్ఫ్‌లో ఉంటారు. గల్ఫ్‌కు పోయినవాళ్ల పేర్లు జాబితాలో చాలావరకు అలాగే ఉంటాయి, ఓటు మాత్రం పడదు. ఫోన్ సర్వేకు మరో రకం మనుషులు దొరుకుతారు. ఈ వంకర మార్జిన్‌లో కనిపించదు, శాంపిల్ పెంచినా పోదు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక చేసిన సర్వేకు దాదాపు 24 లక్షల జవాబులు వచ్చాయి. ఆ లెక్కన లాండన్ గెలవాలి. గెలిచింది రూజ్‌వెల్ట్, అదీ 60 శాతానికి పైగా ఓట్లతో.

అంత దూరం పోనక్కర్లేదు. 2018 డిసెంబర్ 7న పోలింగ్ ముగిశాక లగడపాటి రాజగోపాల్ తన అంచనా ప్రకటించారు: కాంగ్రెస్, టీడీపీ ఉన్న ప్రజాకూటమికి 65 సీట్లు, పది అటూ ఇటూ. టీఆర్‌ఎస్‌కు 35, పది అటూ ఇటూ. 11న ఫలితాలు వస్తే టీఆర్‌ఎస్‌కు 88, కూటమికి 21. చెప్పిన హద్దు 45. దాటింది 43 సీట్లు. ఏడాది తిరగకముందే 2019లో ఆంధ్రప్రదేశ్‌లో టీడీపీకి 100, పది అటూ ఇటూ అన్నారు. వచ్చినవి 23.

ఆ 'పది అటూ ఇటూ' అసలు మార్జిన్ ఆఫ్ ఎర్రరే కాదు. మార్జిన్ ఓట్ల శాతానికి ఉంటుంది. శాతాల్ని సీట్లుగా మార్చడం ఇంకో అంచనా, దాని తప్పు దానికి వేరుగా ఉంటుంది. 2018లో టీఆర్‌ఎస్‌కు 47 శాతం దాకా ఓట్లు రాగా, కాంగ్రెస్, టీడీపీ కలిపినా 32 శాతమే. 15 పాయింట్ల తేడాను తారుమారు చేసే శాంపిల్ తప్పు ఉండదు. అక్కడ పొరపాటు అంకెలో లేదు, ఎవరిని ఎలా అడిగారన్న దాంట్లో ఉంది.

సర్వేలన్నీ బూటకం కావన్నది నిజమే. 2023లో యాక్సిస్ మై ఇండియా కాంగ్రెస్‌కు 63 నుంచి 73 సీట్లు అంది, 64 వచ్చాయి. ఆ ఎన్నికలో కాంగ్రెస్‌కు 39.40 శాతం, బీఆర్‌ఎస్‌కు 37.35 శాతం ఓట్లు వచ్చాయి. తేడా రెండు పాయింట్లే. లాటరీ పద్ధతిలోనైనా ఆ తేడాను నమ్మకంగా చెప్పాలంటే ఏడు వేల మంది కావాలి. గుంపులుగా అడిగితే పద్నాలుగు వేలు. రాష్ట్రం మొత్తం మీద అది సాధ్యమే. సీటు సీటుకూ పేర్లు రాసివ్వడం సాధ్యం కాదు. ధర్మపురి 441 చెప్పేది అదే.

ఇక పత్రికల సంగతి. సర్వే ఎవరు చేశారు, ఎవరు చేయించారు, ఎంతమందిని అడిగారు, ఎలా ఎంచారు, ఎంత తప్పు ఉండొచ్చు అన్నవి సర్వే ముందే స్పష్టంగా వేయాలని ప్రెస్ కౌన్సిల్ 1996లోనే మార్గదర్శకాల్లో చెప్పింది. అందులో శాంపిల్ ఒక్కదాన్ని పెద్ద అక్షరాల్లో వేసి, ఎంచిన పద్ధతిని మింగేయడం అలవాటైపోయింది. చేయించినవారి పేరు అసలే ఉండదు. ఈ లోపం సర్వే సంస్థది మాత్రమే అంటే కుదరదు. లక్షను 119తో భాగించడం, వర్గమూలం తీయడం డెస్క్‌లో అయిదు నిమిషాల పని. ఆ పని చేయకుండా ధర్మపురిలో ఫలానా వారిదే గెలుపు అని అచ్చేసే పత్రిక పాఠకుడికి అమ్ముతున్నది వార్త కాదు. నియోజకవర్గానికి ఎంతమందిని, ఏ పద్ధతిలో అడిగారో రాయని సర్వేను ఎడిటర్లు అచ్చేయకూడదు. అచ్చేస్తే పాఠకుడు నమ్మకూడదు.