శిబిరం వాయిదా తప్పితే ఎంత పోవాలి?

సంపాదకులకు,

వారం రోజుల ధ్యాన, యోగ శిబిరాలకు రుసుమును వాయిదాలలో తీసుకోవడం మేలైన పద్ధతే అయినా, ఒక్క వాయిదా తప్పితే అంతవరకు కట్టిన సొమ్మంతా తిరిగి ఇవ్వబోమని దరఖాస్తు అడుగున చిన్న అక్షరాలలో రాసుకోవడం మాత్రం సమర్థనీయం కాదు. గోయెంకా సంప్రదాయంలోని పది రోజుల విపశ్యన శిబిరాలకు రుసుమే లేదు గనుక ఈ చిక్కు అక్కడ తలెత్తదు. వసతికీ భోజనానికీ ధర కట్టే శిబిరాల సంగతే ఇక్కడ ప్రస్తుతం.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పినవారు ఇంత చెల్లించాలని ముందే రాసుకున్నప్పటికీ, ఆ మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారం మాత్రమే అవతలివారికి దక్కుతుంది. కాబట్టి నిర్వాహకులకు కలిగిన నష్టమెంత అన్నదే అసలు ప్రశ్న.

ఉదాహరణకు, డిసెంబరు 26న మొదలయ్యే శిబిరానికి రుసుము 24,000 రూపాయలనీ, సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు ప్రతి నెల 5వ తేదీన 6,000 చొప్పున కట్టాలనీ అనుకుంటే, రెండు వాయిదాలు కట్టి నవంబరులో ఆగిపోయిన వ్యక్తి చెల్లించినది 12,000 అవుతుంది. శిబిరానికి ఇంకా ఏడు వారాల వ్యవధి ఉంది. గదులు, భోజనాల తుది లెక్క అతిథిగృహానికి చెప్పవలసింది డిసెంబరు 5న. నవంబరు నాటికే నిర్వాహకులు మనిషికి 2,500 చొప్పున తిరిగిరాని అడ్వాన్సు కట్టి ఉంటే, అంతవరకు మినహాయించుకొని 9,500 తిరిగి ఇవ్వడం సబబు. నిరీక్షణ జాబితాలోని మరొకరు ఆ చోటు తీసుకుంటే ఆ మినహాయింపుకూ కారణం మిగలదు. తుది లెక్క చెప్పిన తరువాత మానుకుంటే మాత్రం గది అద్దె, సరుకుల ఖర్చు నిజంగానే నిర్వాహకుల మీద పడతాయి గనుక అప్పుడు ఎక్కువ మొత్తం ఉంచుకోవడాన్ని తప్పుపట్టలేము. అంటే గడువులను శిబిరం తేదీ నుంచి వెనక్కి లెక్కగట్టి, ఏ తేదీ దాటితే ఎంత పోతుందో నమోదు రోజునే తెలియజేయాలి.

గుర్తుచేయడం కూడా ఒప్పందంలో భాగమే కావాలి. ఖాతా నుంచి సొమ్ము దానంతటదే చెల్లింపయ్యేలా ముందస్తు అనుమతి, అంటే ఈ-మాండేట్, ఇచ్చినవారికి కనీసం 24 గంటల ముందు సమాచారం అందాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. అయితే ఖాతాలో నిల్వ లేనివారికి ఒక్క రోజు వ్యవధి చాలదు, పైగా చెల్లింపు విఫలమైతే బ్యాంకు రుసుము కూడా వేయవచ్చు. అందువల్ల వారం ముందు ఒకసారి, గడువు రోజున ఒకసారి మొత్తాన్నీ తేదీనీ తెలిపే సందేశం పంపి, తప్పిన తరువాత ఐదు రోజుల వెసులుబాటు ఇచ్చి, చివరగా ఫోన్ చేసి అడిగాకే చోటు రద్దు చేయాలి. చెప్పకుండా మానుకునేవారు కొందరుంటారన్న నిర్వాహకుల ఫిర్యాదు నిజమే గాని, ఆ ఫోన్ పిలుపుతోనే వారెవరో తేలిపోయి, ఖాళీని నింపుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

ఒక పాఠకుడు,
విజయవాడ