మూడు చోట్లు, నాలుగు మూతలు

పిల్లల కోడింగ్ క్లాసులో "టవర్ ఆఫ్ హనోయ్" అనే ఆట తరచూ వస్తుంటుంది. 1883లో ఎడ్వార్ లూకా అనే ఫ్రెంచి గణితవేత్త దీన్ని బయటికి తెచ్చాడు. మూడు పుల్లలు, వాటిలో ఒకదానికి గుచ్చిన బిళ్ళలు, పెద్దది అడుగున, చిన్నది పైన. ఒక్కోసారి ఒక్క బిళ్ళే తీయాలి. చిన్నదాని మీద పెద్దది పెట్టకూడదు. మొత్తం దొంతర మూడో పుల్లకి చేరాలి. బొమ్మ లేకపోతే ఏం, స్టీలు డబ్బాల మూతలు చాలు. బల్ల మీద మూడు చోట్లు అనుకోండి.

మొదట మూడు మూతలతో చూడండి. చిన్నది మూడో చోటికి, మధ్యది రెండో చోటికి, చిన్నది దాని మీదికి. ఇప్పుడు పెద్దది ఒంటరిగా మిగిలింది, మూడో చోటు ఖాళీ. పెద్దదాన్ని అక్కడికి జరపండి. తర్వాత చిన్నది మొదటి చోటికి, మధ్యది పెద్దదాని మీదికి, చిన్నది అన్నిటి పైకి. మొత్తం ఏడు కదలికలు.

ఇప్పుడు అడుగున ఇంకా పెద్ద మూత ఒకటి పెట్టండి. అది కదలాలంటే పైనున్న మూడూ దిగి, ఒకే చోట దొంతరగా ఉండాలి, ఇంకో చోటు ఖాళీగా ఉండాలి. ఆ మూడింటిని దించడానికి ఏడు. పెద్దదానికి ఒకటి. మళ్ళీ ఆ మూడింటినీ దాని మీదికి ఎక్కించడానికి ఇంకో ఏడు. మొత్తం 15. చూశారా, పాత పని మొత్తం రెండుసార్లు చేయాల్సి వచ్చింది. అందుకే ఒక్క మూత పెరిగితే లెక్క రెట్టింపై, పైన ఒకటి చేరుతుంది. అయిదుకి 31, ఆరుకి 63. దీన్ని తగ్గించే ఉపాయం లేదు, ఎందుకంటే పెద్ద మూత ఒక్కసారైనా కదలక తప్పదు.

పెద్ద పనిని అదే రకం చిన్న పనిగా మార్చుకుంటూ పోవడాన్నే రికర్షన్ అంటారు. ఒక్క మూతే మిగిలినప్పుడు దాన్ని నేరుగా జరిపేయాలి, అదే ఆగే చోటు. ప్రోగ్రాంలో ఆ మాట రాయకపోతే అది ఆగకుండా తనని తానే పిలుచుకుంటూ, చివరికి ఎర్రర్ చూపిస్తుంది.

మొదటి మూత ఎటు పెట్టాలన్నదీ ఇలాగే తేలుతుంది. నాలుగూ మూడో చోటికి పోవాలంటే, పై మూడూ రెండో చోటికి పోవాలి. దానికి పై రెండూ మూడో చోటికి, దానికి చిన్నది రెండో చోటికి. నాలుగు మూతలప్పుడు చిన్నదాన్ని మూడో చోట పెట్టి మొదలుపెడితే, ఏడు కదలికల తర్వాత మూడూ అక్కడే కూర్చుంటాయి, పెద్దదానికి రెండో చోటే మిగులుతుంది. పాప అక్కడ ఆగిపోతే, తప్పు మొదటి కదలికలోనే ఉందని చెప్పండి.

లూకా చెప్పిన కథలో బిళ్ళలు 64. సెకనుకి ఒకటి జరిపినా సుమారు 58,500 కోట్ల సంవత్సరాలు పడుతుంది. మీరు మాత్రం అయిదు మూతల దగ్గర ఆపండి, వంటకి టైమ్ అవుతుంది!