నెల లెక్క కాదు, కిలోమీటర్ల లెక్క
జగిత్యాలలో పొద్దున పార్శిళ్లు ఎత్తుకుని కోరుట్ల, అక్కడి నుంచి వేములవాడ మీదుగా సిరిసిల్ల తిరిగి వచ్చే పిల్లలు ‘మూడు నెలలకోసారి ఆయిల్ మారుస్తున్నా’ అంటే నాకు గుండె గుబేలుమంటుంది. రోజుకు 180 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు వేసుకోండి: 4,680 కిలోమీటర్లు. మూడు నెలలకు 14,000 దాటుతుంది. వందసీసీ బండిలో పట్టే ఆయిలే లీటరు లోపు. అందులో పావు లీటరు కాలిపోయినా మిగిలినదాని మీద భారం ఎంతో చూడండి. నిజానికి ఆగకుండా సాగే రోడ్డు ప్రయాణం ఆయిల్‌కు అంత చెరుపు కాదు. ఇంజిన్ బాగా వేడెక్కి లోపలి తేమ ఆవిరైపోతుంది. అందుకే మాన్యువల్‌లో ఉన్న దూరం కంటే ముందే పారబోయాలని నేననను. కానీ రెండు రోజులకోసారి మట్టం చూడాల్సిందే. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి, కాసేపు ఇంజిన్ నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలాగి, తుడిచిన డిప్‌స్టిక్‌ను మరలో బిగించకుండా ఆనించి తీయాలి. చాలా బళ్లకు పద్ధతి ఇదే. కింది గీతకు దిగితే అదే గ్రేడ్ పోయాలి. రంగు నల్లబడిందని కంగారొద్దు, మసిని తనలో పట్టి ఉంచడం ఆయిల్ పనే. డబ్బా మీద మాత్రం మాన్యువల్ చెప్పిన గ్రేడ్‌తో పాటు ‘జాసో ఎంఏ’ లేదా ‘ఎంఏ2’ ఉందా చూడండి. బైకు క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. కారు ఆయిల్ పోస్తే ప్లేట్లు జారొచ్చు, అప్పుడు ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం అందుకోదు.